రేటు బిగించాలా, టన్నులు బిగించాలా? కార్బన్‌కు వెల కట్టే రెండు దారులు

కార్బన్ ట్యాక్స్ అనగానే అదేదో యూరప్ దేశాల వ్యవహారం అనుకుంటాం. కానీ మన దగ్గర 2010 నుంచి 2025 సెప్టెంబరు దాకా దానికి దగ్గరి చుట్టం లాంటి పన్ను ఒకటి నడిచింది. భూపాలపల్లి పక్కన చెల్పూర్‌లోని కాకతీయ థర్మల్ ప్లాంటు కావచ్చు, రామగుండం కావచ్చు, మంచిర్యాల దగ్గరి జైపూర్ కావచ్చు, అక్కడ కాలిన ప్రతి టన్ను బొగ్గు మీదా కేంద్రం సెస్సు వసూలు చేసింది. మొదట టన్నుకు 50 రూపాయలు, 2014లో 100, 2015లో 200, 2016 నుంచి 400. యూనిట్ కరెంటుకు సుమారు 700 గ్రాముల బొగ్గు పడుతుంది కాబట్టి 400 రూపాయల సెస్సు అంటే యూనిట్‌కు 28 పైసలు. ఇప్పుడు ఆ సెస్సు పోయింది, ఇంకోవైపు సిమెంటు, కాగితం లాంటి పరిశ్రమలకు కార్బన్ క్రెడిట్ల ట్రేడింగ్ వస్తోంది. అంటే మన దేశం ఒక దారిలోంచి ఇంకో దారిలోకి మళ్లుతోంది. ఈ రెండు దారులకీ తేడా ఏంటి, ఆ తేడా వల్ల ఎవరి జేబు మీద, ఏ చిమ్నీ మీద ఏం ప్రభావం పడుతుంది అన్నది వివరంగా చూడాల్సిన విషయం, ఎందుకంటే ఈ చర్చలో రెండింటినీ కలిపేసి మాట్లాడేవాళ్లే ఎక్కువ.

మూల సూత్రం పెద్ద కష్టమేమీ కాదు. ఐకేపీ సెంటర్లో వడ్లకు మద్దతు ధర ముందే ఖరారై ఉంటుంది, ఎన్ని క్వింటాళ్లు వస్తాయో మాత్రం సీజన్ అయిపోయేదాకా ఎవరికీ తెలియదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి సంగతి దీనికి తిరగేసి ఉంటుంది, ఆ పొద్దున ఎన్ని బస్తాలు వచ్చాయో అందరికీ కనిపిస్తుంది కానీ రేటు ఎంతన్నది జెండా పాట తేల్చాల్సిందే. కార్బన్ ట్యాక్స్ మొదటి రకం: టన్నుకు ఇంత అని ప్రభుత్వం రేటు బిగిస్తుంది, ఎన్ని టన్నులు తగ్గుతాయో కంపెనీలు చేసుకునే లెక్కల్ని బట్టి తేలుతుంది. పర్మిట్ల పద్ధతి రెండో రకం: ఈ ఏడాది మొత్తం ఇన్ని టన్నులే అని ప్రభుత్వం టన్నులు బిగిస్తుంది, టన్నుకొకటి చొప్పున అన్నే పర్మిట్లు ఇస్తుంది, వాటిని కంపెనీలు కొనుక్కుంటూ అమ్ముకుంటూ ఉంటే రేటు దానంతటదే బయటపడుతుంది.

మామూలు రోజుల్లో ఈ రెండూ ఒకే చోటికి చేరతాయి. ఎలాగో చూడ్డానికి సిమెంటు తీసుకుందాం, మంచిర్యాల, దేవాపూర్, బసంత్‌నగర్ పక్కన పెరిగినవాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పరిశ్రమ కాదు. రెండు ఊహా ఫ్యాక్టరీలు అనుకోండి (అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవి), ఒకటి పాతది, ఒకటి కొత్తది. రెండూ ఏడాదికి చెరో 16 లక్షల టన్నుల సిమెంటు చేస్తాయి, చెరో 10 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. పాత ఫ్యాక్టరీలో తగ్గించుకోవడానికి తేలిక దారులు ఇంకా మిగిలే ఉన్నాయి: రామగుండం బూడిద ఇంకొంచెం ఎక్కువ కలిపి, సున్నపురాయిని బట్టీలో కాలిస్తే వచ్చే క్లింకర్‌ను తగ్గించడం, క్లింకర్‌ను చల్లార్చే పాత కూలర్ మార్చి బొగ్గు ఆదా చేయడం. అందుకని దానికి మొదటి లక్ష టన్నులు తగ్గించడానికి టన్నుకు 300 రూపాయలు, రెండో లక్షకు 700, మూడో లక్షకు 1,200 ఖర్చవుతుంది. కొత్త ఫ్యాక్టరీ ఈ పనులన్నీ కట్టేటప్పుడే చేసేసింది కాబట్టి దానికి మొదటి లక్షకే 900, రెండో లక్షకు 1,600.

ఇప్పుడు మొత్తం 20 లక్షల్లో 3 లక్షల టన్నులు తగ్గాలి. అధికారి వచ్చి ఇద్దరూ చెరి సగం తగ్గించండి అంటే పాతదానికి ఆరున్నర కోట్లు, కొత్తదానికి 17 కోట్లు, కలిపి ఇరవై మూడున్నర కోట్లు అవుతుంది. అదే టన్నుకు 1,000 రూపాయల ట్యాక్స్ పెట్టారనుకోండి, పాత ఫ్యాక్టరీ మేనేజరు 300 పని, 700 పని చేయిస్తాడు, 1,200 పని మాత్రం చేయించడు, దానికంటే ట్యాక్స్ కట్టడమే చవక. కొత్త ఫ్యాక్టరీ 900 పని చేసి 1,600 దగ్గర ఆగిపోతుంది. పాతది 2 లక్షలు, కొత్తది 1 లక్ష, మొత్తం 3 లక్షలు తగ్గాయి, ఖర్చు 19 కోట్లే. ఎవరి దగ్గర చవగ్గా తగ్గుతుందో ప్రభుత్వానికి తెలియకపోయినా పని మాత్రం చవకైన చోటే జరిగింది.

పర్మిట్లతోనూ ఇదే జరుగుతుంది. 17 లక్షల పర్మిట్లు, చెరో ఎనిమిదిన్నర లక్షలు ఉచితంగా ఇచ్చారనుకోండి. పాతది 8 లక్షలకు దిగి అరలక్ష పర్మిట్లు మిగుల్చుకుంటుంది, కొత్తది 9 లక్షల దగ్గర ఆగి ఆ అరలక్ష కొనుక్కుంటుంది. రేటు 900కీ 1,200కీ మధ్య ఎక్కడో కుదురుతుంది, 1,000 దగ్గర కుదిరిందనుకుంటే కొత్తది పాతదానికి 5 కోట్లు ఇస్తుంది. తగ్గిన టన్నులు అవే, ఖర్చు అదే 19 కోట్లు.

మరి తేడా ఎక్కడ? ముందు డబ్బు దగ్గర చూద్దాం. ట్యాక్స్ అయితే మిగిలిన 17 లక్షల టన్నుల మీద 170 కోట్లు ప్రభుత్వానికి పోతాయి. ఉచిత పర్మిట్లైతే ప్రభుత్వానికి పైసా రాదు, కంపెనీల మధ్యే 5 కోట్లు చేతులు మారతాయి. కానీ ఇది ట్యాక్స్‌కీ పర్మిట్లకీ సహజంగా ఉన్న తేడా అనుకోవద్దు. పర్మిట్లను ఉచితంగా ఇవ్వకుండా వేలం వేస్తే ఆ 170 కోట్లు అప్పుడూ ఖజానాకే వస్తాయి. ట్యాక్స్‌లో మొదటి ఎనిమిదిన్నర లక్షల టన్నులకు మినహాయింపు ఇచ్చి, అంతకంటే కిందికి దిగినవాళ్లకు అదే రేటున డబ్బు తిరిగిస్తే అది ఉచిత పర్మిట్లతో సమానం అవుతుంది. ట్యాక్స్ జనం మీద భారం, ట్రేడింగ్ భారం కాదు అని వాదించేవాళ్లు నిజానికి వేలం, ఉచితం అన్న తేడా గురించే మాట్లాడుతున్నారు.

అసలు తేడా అంచనా తప్పినప్పుడు బయటపడుతుంది, నా ఉద్దేశంలో మొత్తం వ్యవహారంలో పట్టుకోవాల్సిన ముడి ఇదే. పైన వేసుకున్న ఖర్చులు నిజంగా రెట్టింపు అని తర్వాత తేలిందనుకోండి: పాతదానికి 600, 1,400, 2,400, కొత్తదానికి 1,800, 3,200. వెయ్యి రూపాయల ట్యాక్స్ కింద ఒక్క 600 పని మాత్రమే జరుగుతుంది, 3 లక్షలు తగ్గాల్సింది లక్షే తగ్గుతుంది, మిగతాదానికి అందరూ ట్యాక్స్ కట్టేసి పొగ వదులుతారు. పర్మిట్ల కిందైతే 3 లక్షలు తగ్గి తీరాలి, 600, 1,400, 1,800 పనులు మూడూ జరుగుతాయి, పర్మిట్ రేటు 1,800 దాటిపోతుంది, ఫ్యాక్టరీల యజమానులు ఢిల్లీకి పరిగెడతారు. ట్యాక్స్‌లో పొరపాటు టన్నుల్లో కనిపిస్తుంది, పర్మిట్లలో రేటులో కనిపిస్తుంది.

ఇప్పుడు ఇంకో రకం తప్పు. ఇళ్ల నిర్మాణాలు పడిపోయి సిమెంటు గిరాకీ 20 శాతం తగ్గిందనుకోండి. ఫ్యాక్టరీలు ఏమీ మార్చకపోయినా ఉద్గారాలు 16 లక్షలకు దిగుతాయి. పర్మిట్లు మాత్రం 17 లక్షలు ఉన్నాయి. అవసరానికి మించి సరుకు ఉంటే కొనేవాడెవడు? రేటు సున్నాకు పోతుంది, బూడిద ఎక్కువ కలుపుదాం, కూలర్ మారుద్దాం అన్న ఫైళ్లు అటకెక్కుతాయి. అదే ట్యాక్స్ ఉంటే గిరాకీ పడిపోయినా టన్నుకు 1,000 రూపాయలు అలాగే ఉంటుంది, 700 పని ఇంకా లాభమే.

ఇది కాగితం మీది భయం కాదు, యూరప్‌లో రెండుసార్లు జరిగింది. అక్కడ పర్మిట్ల మార్కెట్ 2005లో మొదలైంది. మొదటి విడతలో దేశాలు తమ కంపెనీలకు ధారాళంగా పంచిపెట్టాయి, ఎవరు నిజంగా ఎంత వదులుతున్నారో సరైన లెక్కలు అప్పటికి లేవు. 2006 ఏప్రిల్‌లో తనిఖీ అయిన అంకెలు బయటికి రాగానే పర్మిట్లు అవసరం కంటే ఎక్కువున్నాయని అందరికీ అర్థమైంది, రేటు కొద్ది రోజుల్లోనే సగానికి పడింది, ఆ విడత పర్మిట్లను తర్వాతి విడతకు దాచుకునే వీలు లేకపోవడంతో 2007 కల్లా దాదాపు సున్నాకు చేరింది. రెండోసారి 2008 ఆర్థిక మాంద్యం. ఫ్యాక్టరీలు ఉత్పత్తి తగ్గించాయి, పర్మిట్లు మాత్రం ముందే ఖరారైన లెక్క ప్రకారం వస్తూనే ఉన్నాయి, మిగులు సుమారు 200 కోట్ల పర్మిట్లకు చేరింది, 2013లో టన్ను రేటు 5 యూరోల కంటే కిందికి దిగింది. ఆ రేటుకు బొగ్గు ప్లాంటు మూసి ఇంకోటి కట్టాలని ఎవరికీ అనిపించదు. చివరికి 2019లో మిగులు పర్మిట్లను మార్కెట్లోంచి లాగి పక్కన పెట్టే ఏర్పాటు చేశారు, రేటు నిలదొక్కుకుని 2023 ఫిబ్రవరిలో 100 యూరోల దగ్గరికి వెళ్లింది. టన్నులు బిగించే పద్ధతిని బతికించడానికి రేటును కూడా కొంత పట్టుకోవాల్సి వచ్చిందన్నమాట. బ్రిటన్ ఇంకా ముందే, 2013లోనే, కరెంటు ప్లాంట్లకు పర్మిట్ రేటు మీద అదనపు ట్యాక్స్ వేసి కనీస ధర ఉండేలా చూసింది.

ఏది మేలన్న దానికి 1974లో మార్టిన్ వైట్జ్‌మన్ అనే ఆర్థికవేత్త ఒక మంచి కొలబద్ద ఇచ్చాడు. ఒక హద్దు దాటితే నష్టం ఒక్కసారిగా ఎగబాకే విషం అయితే టన్నులే బిగించాలి, రేటు ఎంతైనా కానీ. నష్టం మెల్లగా పెరుగుతూ, తగ్గించే ఖర్చు మాత్రం వేగంగా పెరిగేదైతే రేటు బిగించడం మేలు. కార్బన్ డయాక్సైడ్ గాలిలో వందల ఏళ్లు పేరుకునేది, ఈ ఒక్క ఏడాది కొన్ని టన్నులు అటూ ఇటూ అయితే ప్రళయం రాదు, అందుకే చాలామంది ఆర్థికవేత్తలు ఏ ఏడాదికా ఏడాది చూస్తే ట్యాక్స్ వైపే మొగ్గుతారు. నేనూ అటే. కానీ ట్యాక్స్ రేటు కాగితం మీద ఎంతుందన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, అది దేని మీద పడుతోందన్నది కూడా చూడాలి, మన బొగ్గు సెస్సు అక్కడే తేలిపోయింది.

ఆ సెస్సు కార్బన్ మీద కాదు, బొగ్గు బరువు మీద. బొగ్గులో జీ1 నుంచి జీ17 దాకా గ్రేడ్లు ఉన్నాయి, బూడిద ఎక్కువున్న కింది గ్రేడు టన్ను కాలిస్తే వేడీ తక్కువే, కార్బనూ తక్కువే, సెస్సు మాత్రం మంచి గ్రేడుతో సమానంగా 400. అంటే కార్బన్ లెక్కన చూస్తే నాసి బొగ్గు మీదే ఎక్కువ రేటు పడింది. సగటున చూసినా థర్మల్ కరెంటు యూనిట్‌కు సుమారు కిలో కార్బన్ డయాక్సైడ్ అనుకుంటే టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు పడింది 280 రూపాయల దాకా మాత్రమే, నా లెక్కలోని పాత ఫ్యాక్టరీ మొదటి పని చేయించడానికి కూడా అది చాలదు. వచ్చిన డబ్బు మొదట్లో స్వచ్ఛ ఇంధన నిధి పేరుతో ఉండేది, 2017లో జీఎస్టీ వచ్చాక అది రాష్ట్రాల నష్టపరిహారం ఖాతాలోకి మళ్లింది.

సిమెంటు దగ్గర ఇంకో పెద్ద కన్నం ఉంది. బట్టీలో సున్నపురాయి కాలినప్పుడు రాయి నుంచే కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది, 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి కాలిస్తే 44 కిలోలు గాలిలో కలుస్తాయి. సిమెంటు ఫ్యాక్టరీ ఉద్గారాల్లో సగానికి పైగా ఇదే, బొగ్గుతో దీనికి సంబంధమే లేదు. బొగ్గు మీద ఎంత సెస్సు వేసినా ఆ భాగాన్ని తాకదు. క్లింకర్ తగ్గించి బూడిద కలపడం అన్నిటికంటే మంచి మందు కావడానికి కారణం ఇదే, బీఐఎస్ ప్రమాణం ప్రకారం పీపీసీ సిమెంటులో 35 శాతం దాకా బూడిద కలపొచ్చు. బొగ్గు సెస్సు ఈ పనికి అరకొరగానే తోడ్పడింది.

2025 సెప్టెంబరు 22న సెస్సు తీసేసి బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. రెండూ ఒకటేలే అనిపిస్తుంది కానీ కాదు. టన్ను 1,500 రూపాయల బొగ్గు మీద ఇదివరకు 75 రూపాయల జీఎస్టీ, 400 సెస్సు కలిపి 475 పడేది, ఇప్పుడు 270. టన్ను 3,500 రూపాయల బొగ్గు మీద 575 ఉండేది, ఇప్పుడు 630. ఇంకో సంగతి, సిమెంటు మీద జీఎస్టీ ఉంది కాబట్టి సిమెంటు కంపెనీ బొగ్గు మీద కట్టిన జీఎస్టీని క్రెడిట్‌గా వెనక్కి తీసుకుంటుంది, పాత సెస్సు అలా వెనక్కి వచ్చేది కాదు. కరెంటు జీఎస్టీలో లేదు, థర్మల్ ప్లాంటుకు ఆ క్రెడిట్ రాదు. అంటే సిమెంటు ఫ్యాక్టరీ వైపు నుంచి చూస్తే బొగ్గు మీద ఉన్న కాస్త కార్బన్ ధర కూడా పూర్తిగా మాయమైంది.

ఆ ఖాళీలోకి వస్తున్నదే కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ స్కీం. 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించారు, 2023లో స్కీం నోటిఫై చేశారు, 2025 అక్టోబరులో మొదటి విడతగా సిమెంటు, అల్యూమినియం, కాస్టిక్ సోడా, క్లోరిన్ తీసే క్లోర్-ఆల్కలీ, కాగితం పరిశ్రమల ఫ్యాక్టరీలకు 2025-26, 2026-27 సంవత్సరాల లక్ష్యాలు ఇచ్చారు. 2023-24లో ఉన్న స్థాయితో పోల్చి ఎంత తగ్గాలో ఒక్కో ఫ్యాక్టరీకి విడిగా చెప్పారు. లక్ష్యం కంటే బాగా చేసినవాళ్లకు క్రెడిట్ సర్టిఫికెట్లు వస్తాయి, వెనకబడినవాళ్లు అవి కొనుక్కోవాలి, కొనకపోతే ఆ ఏడు సగటు ధరకు రెండింతలు పర్యావరణ పరిహారం కింద కట్టాలి. సున్నపురాయి నుంచి వచ్చే కార్బన్ కూడా ఇందులో లెక్కకు వస్తుంది, బొగ్గు సెస్సు కంటే ఈ విషయంలో ఇది చాలా మెరుగు.

కానీ ఇది పైన చెప్పిన పర్మిట్ల పద్ధతి కాదు. ఇక్కడ మొత్తం టన్నుల మీద హద్దు లేదు, టన్ను సిమెంటుకు ఎంత కార్బన్ అన్న నిష్పత్తి మీదే హద్దు. మన రెండు ఫ్యాక్టరీలకూ ఈ నిష్పత్తిని 15 శాతం తగ్గించమన్నారనుకోండి, ఉత్పత్తి మారకపోతే 20 లక్షలు 17 లక్షలవుతాయి, బాగానే ఉంది. ఉత్పత్తి 20 శాతం పెరిగితే అదే నిష్పత్తితో 20 లక్షల 40 వేల టన్నులు వస్తాయి. ఇద్దరూ లక్ష్యం సాధించినట్టే, క్రెడిట్లు చేతులు మారినట్టే, గాలిలో మాత్రం మొదటికంటే ఎక్కువ. రేటూ బిగించలేదు, టన్నులూ బిగించలేదు.

దీనికి ప్రభుత్వం చెప్పే కారణాన్ని తేలిగ్గా తీసేయలేం. ఇళ్లూ రోడ్లూ ఇంకా కట్టుకోవాల్సిన దేశంలో సిమెంటు ఉత్పత్తికి మొత్తం మీద హద్దు పెట్టడం ఎవరూ ఒప్పుకోరు. పైగా నిష్పత్తి పద్ధతికి ఒక లాభం ఉంది, గిరాకీ పడిపోతే లక్ష్యం కూడా దాంతోపాటే దిగుతుంది కాబట్టి 2008 తర్వాత యూరప్‌లో వచ్చినట్టు మాంద్యం వల్లే మిగులు పేరుకుపోదు. కానీ బస్తా ధర దగ్గర దీని బలహీనత కనిపిస్తుంది. వెయ్యి రూపాయల ట్యాక్స్ ఉంటే కొత్త ఫ్యాక్టరీకి పనుల ఖర్చు 9 కోట్లు, ట్యాక్స్ 90 కోట్లు, 50 కిలోల బస్తాకు సుమారు 31 రూపాయలు. నిష్పత్తి ట్రేడింగ్‌లో 9 కోట్లు, క్రెడిట్లకు 5 కోట్లు, బస్తాకు దాదాపు నాలుగున్నర రూపాయలు. బస్తాకు 31 రూపాయలు పెరిగితే మేస్త్రీ, ఇంజినీరు సిమెంటు వృథా తగ్గించడం గురించి, తక్కువ క్లింకర్ ఉన్న రకం వాడడం గురించి ఆలోచిస్తారు. నాలుగున్నర రూపాయలకు ఎవరూ ఆలోచించరు. ఫ్యాక్టరీ లోపల మార్పు వస్తుంది, ఫ్యాక్టరీ బయట రాదు. ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇది ఊరట, నిజమే, కానీ ట్యాక్స్ డబ్బును నేరుగా జనానికి తిరిగిచ్చే దారి కూడా ఉంది, దాన్ని మన దగ్గర ఎవరూ గట్టిగా చర్చించలేదు.

మొత్తం మీద హద్దు పెట్టి ట్రేడింగ్ నడపడం మన దేశంలో కుదరదన్న మాటకు సూరత్ జవాబు చెప్పింది. అక్కడ 2019లో గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి సుమారు 300 ఫ్యాక్టరీలను తీసుకుని, ఎక్కువభాగం బట్టల మిల్లులే, చిమ్నీల్లో నిరంతరం కొలిచే మీటర్లు పెట్టించి, దుమ్ము ధూళి కణాల మీద పర్మిట్ల మార్కెట్ నడిపింది. అది కార్బన్ కాదు, ఊపిరితిత్తుల్లోకి పోయే ధూళి. పాత పద్ధతి కింద ఉన్న ఫ్యాక్టరీలతో పోలిస్తే 20 నుంచి 30 శాతం తగ్గిందని పరిశోధకులు తేల్చారు.

ఇక కరెంటు ప్లాంట్లు. రామగుండం, జైపూర్, చెల్పూర్ చిమ్నీలు ఈ లక్ష్యాల్లో ఇంకా లేవు. మన చుట్టుపక్కల కార్బన్‌లో పెద్ద వాటా వాటిదే. వాటి మీద ఉన్న సెస్సు తీసేసి, ట్రేడింగ్‌లోకి తేకుండా వదిలేశారు, మిగిలింది బొగ్గు ధర మీద 18 శాతం జీఎస్టీ మాత్రమే, అది కార్బన్‌ను చూడదు, బిల్లును చూస్తుంది. సిమెంటును పట్టుకుని కరెంటును వదిలేయడం నాకు ఏ కోణంలోనూ సమంజసంగా కనిపించదు.

ఈ స్కీం పనిచేస్తోందా లేదా అన్నది మొదటి ట్రేడింగ్ రేటులోనే తెలిసిపోతుంది. క్రెడిట్ రేటు వంద, రెండు వందల దగ్గర ఆడుతూ అమ్మేవాళ్లు ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ ఉంటే లక్ష్యాలు మెత్తగా పెట్టారని అర్థం, ఫ్యాక్టరీలు ఎలాగూ చేసే పనులకే సర్టిఫికెట్లు పుట్టాయని అర్థం. మన దగ్గర దీనికి ముందు నడిచిన ఇంధన పొదుపు సర్టిఫికెట్ల మార్కెట్‌కు కూడా ఇదే మిగులు జబ్బు పట్టింది. పరిహారం సగటు ధరకు రెండింతలే కాబట్టి రేటు పడిపోతే జరిమానా కూడా దాంతోపాటే పడిపోతుంది, దానికి అడుగున ఆపే కనీస ధర ఉండాలి. అందుకే 2026-27 తర్వాతి లక్ష్యాలు ఎంత బిగించి రాస్తారన్నదీ, వాటితో పాటు కనీస ధర పెడతారా అన్నదీ, ఆ జాబితాలో థర్మల్ ప్లాంట్లు ఉంటాయా అన్నదీ ఈ మూడే చూడాల్సినవి.